48 రంధ్రాలకు కెమికల్ ఎంత? రాడ్డు చుట్టూ ఉన్న ఖాళీని లెక్కించే తీరు

పాత కాంక్రీటులో కొత్త రాడ్డు నిలబెట్టాలంటే రంధ్రం వేసి, దుమ్ము తీసి, రాడ్డును అతికించే కెమికల్‌ను గన్‌తో నింపి, రాడ్డును తిప్పుతూ లోపలికి దించుతారు. సైటులో దీన్ని రీబారింగ్ అంటారు. పని మొదలయ్యే ముందు రోజు దుకాణానికి ఫోను చేసేవాడికి కావలసింది ఒకటే: ఎన్ని కార్ట్రిడ్జ్‌లు తేవాలి? చాలామంది దీనికి అలవాటు మీద జవాబు చెబుతారు, ఒక కార్ట్రిడ్జ్‌కు పదిహేను రంధ్రాలనో ఇరవై రంధ్రాలనో. రాడ్డు సైజు, డ్రిల్ బిట్ సైజు, లోతు మూడూ ఎప్పుడూ ఒకేలా ఉంటే ఆ అలవాటు పనిచేసేది. వాటిలో ఏ ఒక్కటి మారినా ఆ అంకెకు అర్థం ఉండదు. పైగా ఈ మూడింటిలో ఖర్చును ఎక్కువగా మార్చేది లోతేనని అందరూ అనుకుంటారు. నిజానికి అది బిట్ వ్యాసం.

ఒక మామూలు పనిని తీసుకుందాం. పాత ఫూటింగుల మీద ఆరు కొత్త పిల్లర్లు లేపాలి. ఒక్కో పిల్లరుకు 8 రాడ్లు, అన్నీ 16 మి.మీ. సైజు. మొత్తం 48 రంధ్రాలు. డ్రాయింగులో ఇంజనీరు రంధ్రం 20 మి.మీ. అని, లోతు 240 మి.మీ. అని ఇచ్చాడు. అంటే రాడ్డు వ్యాసానికి పదిహేను రెట్లు. ఆ లోతు చాలుతుందా లేదా అన్నది రాడ్డు మీద పడే లాగుడును, కాంక్రీటు బలాన్ని బట్టి ఇంజనీరు తేల్చే విషయం. అది సైటులో మార్చేది కాదు. ఇక్కడి లెక్క ఆ లోతు ఖరారయ్యాక మొదలవుతుంది.

రంధ్రంలో రాడ్డు కూర్చున్నాక దాని చుట్టూ మిగిలే ఉంగరం లాంటి ఖాళీలోనే కెమికల్ ఉంటుంది. రంధ్రం ఘనపరిమాణంలోంచి రాడ్డు ఘనపరిమాణం తీసేస్తే అది వస్తుంది. కొలతలన్నీ మిల్లీమీటర్లలో వేసి, జవాబు మిల్లీలీటర్లలో కావాలంటే:

```
ml = 0.000785 × (D² − d²) × L
```

ఇందులో D రంధ్రం వ్యాసం, d రాడ్డు వ్యాసం, L లోతు. మన పనికి 20 వర్గం 400, 16 వర్గం 256, తేడా 144. దాన్ని 240తోనూ, ఆ చిన్న అంకెతోనూ గుణిస్తే ఒక్కో రంధ్రానికి 27.1 మి.లీ. వస్తుంది. 48 రంధ్రాలకు 1,302 మి.లీ. మార్కెట్‌లో 500 మి.లీ. కార్ట్రిడ్జ్‌లు దొరుకుతాయి కనుక మూడు తెస్తే 1,500 మి.లీ. అవుతుంది, పదిహేను శాతం మిగులు కూడా ఉంటుంది. కాగితం మీద లోటేమీ కనిపించదు.

రాడ్డుకు గాట్లు ఉంటాయి కదా, వాటి మధ్య పట్టే కెమికల్ ఈ లెక్కలో రాలేదేమో అన్న అనుమానం కొందరికి వస్తుంది. అది వచ్చింది. 16 మి.మీ. అన్న పేరు రాడ్డును ఏ ఒక్క చోట కొలిచి పెట్టింది కాదు. మీటరుకు 1.58 కిలోల బరువు తూగే నునుపైన ఊచ వ్యాసం ఎంత ఉంటుందో ఆ అంకెనే సైజుగా పిలుస్తారు. గాట్ల ఎత్తూ పల్లమూ ఆ సగటులోనే కలిసిపోయాయి. అందుకే రాడ్డుకు పై సూత్రం నేరుగా పనికొస్తుంది. అయితే గాట్ల కొనల మీద వెర్నియర్ పెట్టి కొలిస్తే అదే రాడ్డు 18 మి.మీ. దగ్గరికి వస్తుంది. కెమికల్ ఆదా అవుతుందని 18 బిట్‌తో రంధ్రం వేసేవాళ్లు చిక్కుకునేది ఇక్కడే. రాడ్డు సుత్తి దెబ్బలతో తప్ప దిగదు, దిగేటప్పుడు గోడకు అంటిన కెమికల్‌ను గీకుకుంటూ పోతుంది.

మర ఉన్న రాడ్డుకు మాత్రం జాగ్రత్త అవసరం. బేస్ ప్లేట్లకు, రెయిలింగులకు వాడే 12 మి.మీ. స్టడ్‌లో ఆ 12 అన్నది మర కొనల మీది కొలత. మర పల్లాలన్నీ కెమికల్‌తో నిండాలి. 14 మి.మీ. రంధ్రంలో 110 మి.మీ. లోతుకు పై సూత్రం నాలుగున్నర మి.లీ. చెబుతుంది, నిజంగా పట్టేది 6.7 మి.లీ. దాకా ఉంటుంది. దాదాపు ఒకటిన్నర రెట్లు. స్టడ్‌కు లెక్క వేసేటప్పుడు d స్థానంలో 12 బదులు 10.9 వేస్తే సరిపోతుంది.

ఇప్పుడు మన 48 రంధ్రాల దగ్గరికి తిరిగి వద్దాం. మూడు కార్ట్రిడ్జ్‌లు ఎందుకు చాలవో చూడాలి.

మొదటి కారణం రంధ్రం అసలు వ్యాసం. కాంక్రీటు బిట్ కొనమీది కార్బైడ్ ముక్క పేరుకన్నా కాస్త వెడల్పుగానే తయారవుతుంది, అరిగేకొద్దీ సరైన కొలతకు దగ్గరపడుతుంది. కొత్త బిట్‌తో, అదీ చేతితో పట్టుకున్న హ్యామర్ డ్రిల్‌తో, 20 మి.మీ. రంధ్రం 20.5 మి.మీ. రావడం మామూలే. అరమిల్లీమీటరే కదా అనిపిస్తుంది. కానీ సూత్రంలో ఉన్నది రెండు వర్గాల తేడా. చిన్నప్పుడు బడిలో నేర్చుకున్నట్టు దాన్ని (D − d) × (D + d) అని విడదీస్తే సంగతి కళ్లకు కడుతుంది. 20కీ 16కీ మధ్య తేడా 4. అది 4.5 అయితే ఆ ఒక్క భాగమే ఎనిమిదో వంతు పెరిగినట్టు. మొత్తం మీద ఖాళీ 14 శాతం పెరుగుతుంది. రంధ్రానికి 27 మి.లీ. అన్నది 31 మి.లీ. అవుతుంది. రంధ్రం 21 మి.మీ. వస్తే పెరుగుదల 28 శాతం. 20 బిట్ విరిగిపోయిందని చేతికందిన 22 బిట్‌తో పని కానిచ్చేస్తే 58 శాతం. లోతు విషయంలో ఇలా ఉండదు. అది పది శాతం పెరిగితే కెమికల్ కూడా పది శాతమే పెరుగుతుంది. అందుకే అంచనా వేసేవాడు టేపుతో పాటు వెర్నియర్ కూడా పట్టుకోవాలి. బిట్ కొనను కొలిచి, ఆ కొలతనే D గా వేయాలి. పెట్టె మీది అంకెను వేయకూడదు. ఇంకా మంచిది, రెండు మూడు రంధ్రాలు వేశాక వాటి నోటి దగ్గర కాకుండా కాస్త లోపల కొలవడం. నోటి దగ్గర బిట్ మొదట తడబడుతుంది కనుక అక్కడ రంధ్రం ఎప్పుడూ వెడల్పుగానే కనిపిస్తుంది.

లోతులో ఒక చిన్న మెలిక ఉంది. రాడ్డు మీద 240 దగ్గర గుర్తు పెట్టి, రంధ్రం మాత్రం భద్రత కోసమని 250 దాకా వేశారనుకుందాం. రాడ్డు గుర్తు దగ్గరే ఆగితే అడుగున మిగిలిన 10 మి.మీ.లో ఉంగరం లేదు, పూర్తి రంధ్రం ఉంది. అక్కడ పట్టేది 3.3 మి.లీ. రాడ్డును అడుగుదాకా దించితే అదే 10 మి.మీ.కు 1.3 మి.లీ. చాలు. 48 రంధ్రాల మీద ఆ తేడా దాదాపు వంద మి.లీ. డ్రిల్‌కు ఉండే లోతు కడ్డీని బిగించి వేస్తే ఈ ఖర్చు రాదు.

రెండో కారణం గన్ దగ్గర ఉంది. కార్ట్రిడ్జ్‌లో రెసిన్, హార్డెనర్ విడివిడిగా ఉంటాయి. అవి నాజిల్‌లోని మెలికల మధ్య కలుస్తాయి. కొత్త నాజిల్ బిగించి నొక్కగానే వచ్చేది మిశ్రమం కాదు. చారలు చారలుగా, ఒక రంగు ఎక్కువ ఒక రంగు తక్కువగా వస్తుంది. చారలు పోయి ఒకే రంగు వచ్చేదాకా దాన్ని కాగితం మీదో అట్టముక్క మీదో పారేయాలి. ఈ మొదటి భాగాన్ని రంధ్రంలో వేస్తే అది గట్టిపడదు, లేదా సగం గట్టిపడుతుంది. దీన్ని ఎవరూ పైనుంచి చూసి కనిపెట్టలేరు, అందుకే ఇక్కడ చేసే పొదుపు అన్నిటికన్నా ప్రమాదకరమైనది. పారేసిన దానికి తోడు చివర కార్ట్రిడ్జ్‌లో, నాజిల్‌లో కొంత మిగిలిపోతుంది. 500 మి.లీ. కార్ట్రిడ్జ్‌లో రంధ్రాలకు చేరేది 470 మి.లీ. అని లెక్క వేసుకోవడం మంచిది.

మూడో కారణం రంధ్రం నోటి దగ్గర కనిపించాల్సిన మిగులు. రాడ్డు పూర్తిగా దిగినప్పుడు చుట్టూ కెమికల్ ఉంగరంలా పైకి ఉబికి రావాలి. ఖాళీ అంతా నిండిందనడానికి బయటికి కనిపించే సాక్ష్యం అదొక్కటే. ఉబికి రావాలంటే ఖాళీకన్నా పది శాతమైనా ఎక్కువ వేయాలి. 31 మి.లీ. కాస్తా 34 అవుతుంది.

ఇప్పుడు మళ్లీ వేద్దాం. మూడు కార్ట్రిడ్జ్‌లలో పనికొచ్చేది 1,410 మి.లీ. రంధ్రానికి 34 చొప్పున అది 41 రంధ్రాలకు వస్తుంది. ఆరో పిల్లరు మొదలుపెట్టి ఒక రాడ్డు దించాక గన్ ఖాళీ అవుతుంది. సాయంత్రం అయిదింటికి, మిగిలిన ఏడు రంధ్రాలు శుభ్రం చేసి ఉన్నప్పుడు, ఇది జరిగితే ఏమవుతుందో సైటులో పనిచేసినవాళ్లకు తెలుసు. ఎవరో ఒకరు ఉన్నదాన్నే సర్దుతారు. చివరి పిల్లరు రాడ్లు సగం నిండిన రంధ్రాల్లో నిలబడతాయి. తెల్లారి చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి. 48 రంధ్రాలకు కావలసింది 1,632 మి.లీ., అంటే నాలుగు కార్ట్రిడ్జ్‌లు. నాలుగింటిలో దాదాపు 250 మి.లీ. మిగులుతుంది. అది వృథా కాదు. నాజిల్ గట్టిపడితే మార్చుకోవడానికి, ఒక రంధ్రం అనుకున్నదానికన్నా ఎక్కువ తాగితే పోయడానికి ఉపయోగపడేది అదే.

నాలుగు అన్న ఈ అంకె కూడా ఒక షరతు మీద నిలబడింది. గన్ పట్టినవాడు రంధ్రంలో ఎంత ఎత్తుకు నింపుతాడన్నదే ఆ షరతు. చాలా కార్ట్రిడ్జ్‌ల మీద రంధ్రాన్ని సుమారు మూడింట రెండు వంతులు నింపమని రాసి ఉంటుంది. మన రంధ్రం పూర్తి విస్తీర్ణంలో రాడ్డు చుట్టూ ఉన్న ఖాళీ 39 శాతమే. అంటే 240 మి.మీ. లోతులో అడుగునుంచి 94 మి.మీ. ఎత్తుకు కెమికల్ ఉంటే, రాడ్డు దిగేటప్పుడు అది పైకి లేచి సరిగ్గా నోటిదాకా వస్తుంది. 34 మి.లీ. అంటే 103 మి.మీ. ఎత్తు. మూడింట రెండు వంతులు అంటే 160 మి.మీ.; అది రంధ్రానికి 53 మి.లీ. అవుతుంది, అందులో 22 మి.లీ. బయటికి వచ్చి ఫూటింగు మీద ముద్దగా పడుతుంది. అలా నింపితే 48 రంధ్రాలకు 2,534 మి.లీ. కావాలి, కార్ట్రిడ్జ్‌లు ఆరు. ఒకే డ్రాయింగు, ఒకే బిట్, ఒకే లోతు. నింపే అలవాటు మారినందుకు నాలుగు కాస్తా ఆరు అయింది.

మూడింట రెండు వంతులన్న మాట తప్పు కాదు. అది ఏ సైజు రాడ్డుకైనా, ఏ సైజు రంధ్రానికైనా లోటు రాకుండా చెప్పిన మాట. 25 మి.మీ. రాడ్డును 32 మి.మీ. రంధ్రంలో పెట్టేచోట కూడా ఖాళీ 39 శాతమే, అయినా నేర్పు లేని చేతులకు కాస్త ఎక్కువే చెప్పాలి. ఇంజనీరు పర్యవేక్షణ ఉన్న పనిలో తయారీదారు సూచన ప్రకారమే నింపాలన్న నిబంధన ఉంటే దాన్ని పాటించాల్సిందే, అంచనా కూడా ఆరుకే వేయాలి. తప్పు ఎక్కడంటే, అంచనా ఖాళీని బట్టి వేసి, పని మాత్రం మూడింట రెండు వంతుల లెక్కన చేయడం. సైటులో కెమికల్ చాలకపోవడానికి ఎక్కువసార్లు కారణం ఇదే. కాబట్టి ముందు గన్ పట్టేవాడితో మాట్లాడి నింపే ఎత్తు తేల్చుకోవాలి, తర్వాతే ఫోను చేయాలి. ఈ పనికైతే సగం ఎత్తు, అంటే 120 మి.మీ., నేలమీది రంధ్రాలకు సమంజసమైన మాట. రంధ్రానికి 40 మి.లీ. పడుతుంది, మొత్తం 1,900 మి.లీ. పైచిలుకు, కార్ట్రిడ్జ్‌లు అయిదు. బిట్ కొలిచి, నొక్కులు లెక్కపెట్టి పనిచేసే జట్టు ఉంటే నాలుగు. కొత్త జట్టయితే అయిదు తెప్పించడమే నయం.

నొక్కులు లెక్కపెట్టడం అంటే ఇది. మొదటి కార్ట్రిడ్జ్ ఖాళీ అయ్యేలోపు గన్ ట్రిగ్గర్‌ను ఎన్నిసార్లు నొక్కారో ఒకరు లెక్కపెట్టాలి. 500 మి.లీ.కి 60 నొక్కులు పట్టాయనుకుంటే ఒక్కో నొక్కుకు 8 మి.లీ. పైన వస్తున్నట్టు. మన 34 మి.లీ.కి నాలుగు నిండు నొక్కులు. ఆ తర్వాత రంధ్రాలకు కొలత కళ్ల అంచనా మీద ఆధారపడదు. రంధ్రం లోతులోంచి నింపాల్సిన ఎత్తును తీసివేసి, గొట్టం కొననుంచి అంత దూరంలో ఒక టేపు ముక్క అంటించి, అది నోటి దగ్గరికి రాగానే నింపడం ఆపడం ఇంకో పద్ధతి. గొట్టం కొన రంధ్రం అడుగును తాకాలి, నింపుతూ మెల్లగా వెనక్కి తీయాలి. కెమికల్ తనంతట తాను గొట్టాన్ని పైకి నెడుతున్నట్టు చేతికి తెలుస్తుంది. గొట్టం పొట్టిగా ఉండి కెమికల్‌ను పైనుంచి వదిలితే కింద గాలి చిక్కుకుంటుంది. 240 మి.మీ. లోతుకు మామూలు నాజిల్ అందకపోతే పొడిగింపు గొట్టం తప్పనిసరి. దాన్ని కూడా కార్ట్రిడ్జ్‌లతో పాటే తెప్పించాలి.

ఎండ మాట కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే అది కెమికల్ పరిమాణాన్నే మారుస్తుంది. నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీలలో 20 డిగ్రీల దగ్గర అరగంట దాకా పనిచేసే వ్యవధి ఉంటే, 40 డిగ్రీల దగ్గర అది పది నిమిషాలకు పడిపోతుంది. త్వరగా గట్టిపడే రకాలకు ఆ వేడిలో రెండు మూడు నిమిషాలే. ఇక్కడ చూడాల్సింది గాలి ఉష్ణోగ్రత కాదు, కాంక్రీటుది. మే నెలలో మధ్యాహ్నం ఎండలో కాగిన ఫూటింగు గాలికన్నా బాగా వేడిగా ఉంటుంది, చాలా రకాల లేబుళ్లు 40 డిగ్రీల దగ్గరే ఆగిపోతాయి. ఆ వ్యవధికన్నా ఎక్కువసేపు గన్ పక్కన పెడితే నాజిల్‌లో ఉన్నది గట్టిపడుతుంది. కొత్త నాజిల్ వేసి మళ్లీ మొదటి భాగం పారేయాలి. ప్రతి విరామానికీ దాదాపు ఒక రంధ్రానికి సరిపడా కెమికల్ పోయినట్టే. 48 రంధ్రాలూ ముందుగా వేసి, శుభ్రం చేసి, రాడ్లు పక్కన పేర్చుకుని, ఉదయం చల్లగా ఉన్నప్పుడు ఏకబిగిన నింపడంలో ఉన్న లాభం అదే. కార్ట్రిడ్జ్‌కు ఒకటి చొప్పున ఉండే నాజిళ్లు కాక, ఇంకో రెండు మూడు అదనంగా ఉండాలి.

ఇలా లెక్క చేతిలో ఉంటే అది కొనడానికే కాదు, రంధ్రం లోపల ఏముందో తెలుసుకోవడానికి కూడా పనికొస్తుంది. ప్రతి రంధ్రానికీ నాలుగు నొక్కులతో ఉంగరం పైకి వస్తోందనుకుందాం. ఒక రంధ్రంలో రెండున్నర నొక్కులకే ఉబికి వచ్చింది. సంతోషించాల్సిన పని లేదు. అడుగున దుమ్ము మిగిలి లోతు తగ్గి ఉండాలి, లేదా గాలి బుడగ చిక్కుకుని ఉండాలి. బ్లోయర్‌తో ఊది, రంధ్రం కన్నా కాస్త వెడల్పున్న తీగ బ్రష్‌తో తోమి, మళ్లీ ఊదడం, దుమ్ము పొగలా లేవడం ఆగేదాకా, సరిగా జరగలేదన్నమాట. కెమికల్ వేయకముందే పొడి రాడ్డును దించి గుర్తు నోటిదాకా వచ్చిందో లేదో చూసుకుంటే ఈ సంగతి ముందే బయటపడుతుంది.

ఇంకో రంధ్రం ఎనిమిది నొక్కులు తాగినా ఉంగరం రాలేదు. అక్కడ కాంక్రీటులో తేనెపట్టులా ఖాళీలు ఉన్నాయి, లేదా పగులు ఉంది, లేదా బిట్ అవతలి పక్కకు తేలింది. ఇంకా నింపుతూ పోవడం వల్ల కార్ట్రిడ్జ్ ఖాళీ అవుతుందే తప్ప రాడ్డు బలంగా నిలవదు. రాడ్డును పట్టుకోవాల్సింది చుట్టూ ఉన్న కాంక్రీటు, అక్కడ లేనిది అదే. వ్యవధి దాటకముందే రాడ్డును బయటికి తీసి తుడవాలి. ఆ రంధ్రం పక్కన సుద్దతో గుండ్రంగా గీసి, ఎన్ని నొక్కులు పట్టిందో దాని పక్కనే రాసి, ఇంజనీరు చూసేదాకా ఆ రాడ్డును ఆపాలి. కొత్త రంధ్రం ఎంత దూరంలో వేయాలో ఆయన చెబుతాడు. నాలుగో కార్ట్రిడ్జ్‌లో మిగిలిన 250 మి.లీ. దానికి సరిపోతుంది.